మొదటి హెల్పర్‌ని తీసుకునే ముందు: ఏం అడగాలి, ఏం చేయించి చూడాలి

ఒక్కరే నడుపుకునే షాపులో మొదటి మనిషిని పెట్టుకోవడం వేరు, పెద్ద షాపులో పదకొండో మనిషిని పెట్టుకోవడం వేరు. పదకొండో మనిషి పొరపాటు చేస్తే పక్కనున్న పదిమందిలో ఎవరో ఒకరు పట్టేస్తారు. మొదటి మనిషి పొరపాటు చేస్తే పట్టుకోవలసింది మీరొక్కరే. ఆ సమయానికి మీరు షాపులో ఉండరు. అసలు కాసేపు బయటికి వెళ్లగలగడం కోసమే కదా మనిషిని పెట్టుకుంటున్నది!

నాది హార్డ్‌వేర్ షాపు. నట్లు, బోల్టులు, పైపులు, తాళాలు అమ్ముతాను. మొదటిసారి మనిషిని తీసుకున్నప్పుడు పావుగంట మాట్లాడాను. "ఇదివరకు చేశారా" అని అడిగాను, "చేశానండీ" అన్నాడు. మాట బాగుంది, మనిషి చురుగ్గా ఉన్నాడు, మర్నాటి నుంచి రమ్మన్నాను. ఐదు వారాల్లో ఇద్దరికీ పొసగలేదు. తప్పు అతనిది కాదు. నాకు కావలసిన పనేమిటో నాకే తెలియకుండా మనిషిని వెతికాను. రెండోసారి పద్ధతి మార్చాను. ఆ పద్ధతే ఇక్కడ రాస్తున్నాను. షాపు ఏదైనా పరీక్షల్లోని సరుకు మారుతుంది తప్ప పద్ధతి మారదు.

ముందు వారం రోజులు రాసుకోండి

ఎవరినీ పిలవకముందు గల్లాపెట్టె పక్కన ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. వారం పాటు మూడు విషయాలే రాయండి: కస్టమర్ ఎదురుచూడాల్సి వచ్చిన ప్రతిసారీ ఏ టైమయింది, షాపు మూసి వెళ్లాల్సి వస్తే ఎందుకు వెళ్లారు, రాత్రి ఇంటికెళ్లే ముందు మిగిలిపోయిన పని ఏమిటి. పెద్ద పెద్ద వాక్యాలు అక్కర్లేదు, "6:20, ఇద్దరు నిలబడ్డారు, ఒకరు వెళ్లిపోయారు" అంటే చాలు.

నాకు రోజంతా మనిషి కావాలనే అనుకున్నాను. వారం తర్వాత పుస్తకం చూస్తే గుర్తుల్లో ముప్పావు వంతు సాయంత్రం 4 నుంచి 8 లోపలే ఉన్నాయి. షాపు మూసి వెళ్లింది రెండే సార్లు, రెండూ సరుకు దించుకోవడానికే. మిగిలిపోయే పని ఎప్పుడూ ఒకటే, వచ్చిన పెట్టెలు విప్పి బిల్లుతో సరిచూసి సర్దడం. అంటే నాకు కావలసింది రోజుకు నాలుగు గంటల మనిషి. చేయవలసినవి మూడు పనులు: డబ్బు తీసుకుని చిల్లర ఇవ్వడం, వచ్చిన సరుకు సరిచూడడం, నేను లేనప్పుడు కస్టమర్‌కి తప్పుడు వస్తువు అంటగట్టకుండా ఉండడం. మూడోదాన్ని కావాలనే అలా రాశాను. కొత్త మనిషి మొదటి నెలలోనే అమ్మకాలు పెంచేయాలని నేను ఆశించలేదు. తప్పు వస్తువు ఇచ్చి పంపకపోతే చాలనుకున్నాను.

ఈ మూడు పనుల నుంచే ప్రశ్నలు పుడతాయి, పరీక్షలూ పుడతాయి. జాబితాలో ఐదారు కంటే ఎక్కువ పనులుంటే ఇద్దరు మనుషుల పనిని ఒకరి నెత్తిన పెడుతున్నారన్నమాట. కొన్ని తీసేయండి.

ఇదే సమయంలో ఒక చిన్న లెక్క కూడా వేసుకోండి. నూటికి 20 మిగిలే వ్యాపారం మీదైతే, జీతానికి ఐదు రెట్లు అదనంగా అమ్మితేనే ఆ జీతం వెనక్కి వస్తుంది. నూటికి 10 మాత్రమే మిగిలితే పది రెట్లు అమ్మాలి. వెనక్కి వెళ్లిపోతున్న కస్టమర్లు నిలిస్తే అంత వస్తుందా అన్నది నోటుబుక్కులో గుర్తులే చెబుతాయి. రాకపోతే గంటలు తగ్గించి చూడండి.

అందరికీ అవే ప్రశ్నలు

కబుర్లాడి మనిషిని అంచనా వేయగలమని ప్రతి షాపు యజమానీ నమ్ముతాడు. నేనూ నమ్మాను. ఉద్యోగాల ఎంపిక పద్ధతుల మీద జరిగిన ఎన్నో పరిశోధనలను ఒకచోట చేర్చి మనస్తత్వవేత్తలు ఫ్రాంక్ ష్మిత్, జాన్ హంటర్ 1998లో లెక్క కట్టారు. ముందే రాసుకున్న ప్రశ్నలను అందరినీ ఒకే తీరులో అడగడం, అసలు పనిలోని ముక్కను చేయించి చూడడం, ఈ రెండూ ఊరికే కబుర్లాడడం కన్నా మనిషి రేపు ఎలా పనిచేస్తాడో మెరుగ్గా చెప్పాయి. 2022లో పాల్ శాకెట్ బృందం ఆ లెక్కలను సరిదిద్దినప్పుడు అంకెలు బాగా తగ్గాయి కానీ, ఒకే తీరు ప్రశ్నలు అడిగే పద్ధతి జాబితాలో అన్నిటికన్నా పైకి వచ్చింది. పెద్ద పెద్ద సంస్థల్లాగా ఏదో చేయాలని దీని అర్థం కాదు. ఒక కాగితం మీద ఐదు ప్రశ్నలు రాసుకుని, వచ్చిన వాళ్లందరినీ అదే వరుసలో అడగండి, అంతే.

ప్రశ్నలకన్నా ముందు పనిలోని కష్టాన్ని చెప్పేయండి. "నాలుగు గంటలు నిలబడే ఉండాలి, దుమ్ము ఉంటుంది, ఒక్కో పెట్టె 20 కిలోల దాకా ఉంటుంది, సాయంత్రాలు సెలవు దొరకదు." ఇది విని ఇద్దరు వెళ్లిపోతే మంచిదే. రెండో వారంలో వెళ్లిపోవాల్సిన వాళ్లు ముందే వెళ్లిపోయారు.

నేను అడిగిన ప్రశ్నలు ఇవి.

"చివరగా పనిచేసిన చోట పొద్దున వెళ్లగానే మొదట ఏం చేసేవారు? మూసే ముందు చివర ఏం చేసేవారు?" నిజంగా చేసినవాళ్లకి వరుస గుర్తుంటుంది: షట్టర్, లైట్లు, నిన్నటి చిల్లర లెక్క, బయట పెట్టాల్సిన సరుకు. పెద్దగా చేయనివాళ్లు "అన్నీ చూసుకునేవాడినండీ" అంటారు. ఇదివరకు ఉద్యోగం చేయనివాళ్లైతే ఇంట్లోనో ఇంకెక్కడో తమ మీద పూర్తిగా వదిలేసిన పని ఏదైనా అడగండి, అదీ పనికొస్తుంది.

"డబ్బులోనో సరుకులోనో మీ వల్ల జరిగిన పొరపాటు ఒకటి చెప్పండి. అది ముందు ఎవరికి తెలిసింది?" ప్రాణమంతా రెండో వాక్యంలోనే ఉంది. పొరపాటు అందరూ చేస్తారు. తనే చూసి తనే వెళ్లి చెప్పిన మనిషికీ, ఓనరు పట్టుకున్నాక ఒప్పుకున్న మనిషికీ చాలా తేడా. "నేనెప్పుడూ పొరపాటు చేయలేదండీ" అంటే వెంటనే కొట్టేయకండి, భయపడి అలా అని ఉండవచ్చు. "చిన్నదైనా సరే, నేనైతే పోయిన వారమే ఒకటి చేశాను" అని మీ పొరపాటు చెప్పి మళ్లీ అడగండి. అప్పుడూ లేదంటే రాసుకోండి.

"కస్టమర్ మీ మీద కోప్పడిన రోజు ఒకటి చెప్పండి. ఆయన ఏమన్నారు, మీరేమన్నారు?" ఇక్కడ "ఆ తర్వాత?" అని రెండు మూడుసార్లు అడగాలి. కథలో కస్టమర్ అన్న మాటలు కూడా గుర్తున్నాయా, తన మాటలే గుర్తున్నాయా అన్నది గమనించండి.

"ఏయే రోజుల్లో, ఏయే గంటల్లో రాలేరు?" టైముకి వస్తారా అని అడిగితే ఎవరైనా వస్తామనే అంటారు. ఎప్పుడు రాలేరో అడిగితే అసలు సంగతి బయటికొస్తుంది. ఎలా వస్తారు, ఆ దారి కుదరని రోజు ఏం చేస్తారు అన్నదీ దీనితోపాటే అడగండి.

చివరిది, "నేను చెప్పిన పనుల్లో మీకు ఏది నచ్చదు?" ఏదో ఒకటి చెప్పే మనిషి మీ మాట శ్రద్ధగా విన్నట్టు.

అడగకూడనివీ ఉన్నాయి: పెళ్లయిందా, పిల్లలెందరు, ఏ మతం, ఏ కులం, ఏ జబ్బులున్నాయి. వీటిలో చాలావాటిని ఆధారం చేసుకుని ఉద్యోగం కాదనడం ఎన్నో దేశాల్లో చట్ట విరుద్ధం. చట్టం సంగతి అలా ఉంచినా వాటి వల్ల మీకు కావలసింది తెలియదు. పిల్లలున్నారా అని అడిగే యజమానికి కావలసింది సాయంత్రాలు వస్తారా లేదా అన్నది. ఆ మాటే నేరుగా అడగవచ్చు, నాలుగో ప్రశ్న అందుకే ఉంది. వయసు మాత్రం తెలుసుకోవాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1973లో చేసిన ఒప్పందం మామూలుగా 15 ఏళ్లను కనీస వయసుగా పెట్టింది. మీ చోట అది వేరేగా ఉండవచ్చు. కనీస జీతం, పని గంటలు, రాతపూర్వక ఒప్పందం గురించి కూడా స్థానిక చట్టం ఏం చెబుతుందో మనిషిని పిలవకముందే చూసుకోండి.

ప్రతి పరీక్షా రెండుసార్లు

నా పద్ధతిలో ముఖ్యమైనది ఇదే. ప్రతి చిన్న పరీక్షా రెండుసార్లు పెట్టాలి. మొదటిసారి ఏమీ చెప్పకుండా చేయనివ్వండి. తర్వాత రెండు నిమిషాలు ఎలా చేయాలో చూపించండి. వెంటనే అంకెలూ వస్తువులూ మార్చి మళ్లీ చేయించండి. మొదటిసారి చేసింది, ఆ మనిషి ఇక్కడికొచ్చే ముందు ఎక్కడ పనిచేశాడో చెబుతుంది. రెండోసారి చేసింది, మీ దగ్గర ఎలా పనిచేస్తాడో చెబుతుంది. ఒక్కరే ఉన్న షాపులో నేర్పేదీ మీరే కాబట్టి, మీరు చూపించింది ఆ మనిషికి ఎంత అంటిందన్నదే మీకు కావాలి.

మూడు పరీక్షలకూ కలిపి ముప్పావుగంట చాలు. అంతకు మించి చేయించకండి. పరీక్ష పేరుతో నిజమైన సరుకు సర్దించుకోవడం మరీ తప్పు. మీకు పనికొచ్చే పని చేయించుకుంటే దానికి డబ్బివ్వాలి. రద్దీ లేని వేళ పెట్టుకోండి. మొదటి ఐదు నిమిషాలు మీరు పనిచేస్తుంటే పక్కన నిలబడి చూడనివ్వండి, చేతుల వణుకు తగ్గుతుంది.

*చిల్లర.* గల్లాపెట్టెలో కొంత డబ్బు పెట్టి మీరు కస్టమర్‌గా ఎదురుగా నిలబడండి. బిల్లు 268, మీరు 500 ఇచ్చారు. కాలిక్యులేటర్ ఉండకూడదు. తిరిగి రావలసింది 232. జవాబు కన్నా చేతుల్ని చూడండి. మీరిచ్చిన 500ని వెంటనే పెట్టెలో వేసేశారా, చిల్లర ఇచ్చేదాకా బయటే ఉంచారా? వేసేస్తే "నేను ఇంకా ఎక్కువ ఇచ్చాను కదా" అనే కస్టమర్‌కి చూపించడానికి ఏమీ ఉండదు. చిల్లర మీ చేతిలో గుప్పెడుగా పెట్టారా, లెక్కపెడుతూ పెట్టారా?

232 సిద్ధమయ్యాక "ఉండండి, నా దగ్గర 18 చిల్లర ఉంది, తీసుకోండి" అనండి. ఇప్పుడు ఇవ్వవలసింది సరిగ్గా 250. చాలామంది తడబడేది ఇక్కడే. తడబడడం తప్పు కాదు, తడబడుతూనే ఏదో ఒకటి చేతిలో పెట్టేయడం తప్పు. ఆ తర్వాత ఇంకో బిల్లు లెక్కపెడుతుండగా మధ్యలో "ఆ తాళం ఎంత?" అని అడగండి. "ఒక్క నిమిషం అండీ" అని లెక్క పూర్తి చేస్తే బాగు. తాళం సంగతి చెప్పి మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టినా బాగే. ఎక్కడ ఆగారో తెలియకుండా మధ్య నుంచి అందుకుంటే ఇబ్బంది. లెక్క చెడగొట్టి డబ్బు కాజేసే మోసగాళ్లు సరిగ్గా ఈ పనే చేస్తారు. ఒక బేరం ముగియకముందే ఇంకోటి మొదలుపెట్టిస్తారు.

ఇప్పుడు చూపించండి. నోటు పెట్టె బయటే ఉంచాలి. బిల్లు నుంచి పైకి లెక్కపెట్టాలి. 268కి 2 ఇస్తే 270, 30 ఇస్తే 300, 200 ఇస్తే 500. తీసివేత అక్కర్లేదు, కూడుతూ పోతే కస్టమర్ కూడా వెంట లెక్కపెడతాడు. మధ్యలో ఆగితే మొదటి నుంచి. రెండోసారి బిల్లు 346, ఇచ్చింది 500, తర్వాత 46 చిల్లర. మొదట 154, ఆ తర్వాత సరిగ్గా 200.

*వచ్చిన సరుకు.* ఎనిమిది వరుసలున్న ఒక బిల్లు రాసి, దానికి తగ్గ పెట్టె సిద్ధం చేసుకోండి. అందులో మీరే నాలుగు తప్పులు పెట్టండి. నేను పెట్టినవి ఇవి: 50 బోల్టులని రాసిన ప్యాకెట్లో 48 ఉన్నాయి, ఎం8 వాషర్ల బదులు ఎం10 ఉన్నాయి, ఒక తాళానికి తాళంచెవి లేదు, 12 టేపు చుట్టలకు 13 ఉన్నాయి. తెలియని విషయాలు ముందే చెప్పాలి. ఎం8 అంటే 8 మిల్లీమీటర్ల బోల్టుకు పట్టేదని చెప్పి, ఎం8 బోల్టు ఒకటి చేతికివ్వండి. పరీక్ష హార్డ్‌వేర్ జ్ఞానానికి కాదు. "బిల్లు ప్రకారం వచ్చిందో లేదో చూసి చెప్పండి" అని పది నిమిషాలు వదిలేయండి.

కొందరు బిల్లు చదివి పెట్టెలోకి తొంగి చూసి "అన్నీ ఉన్నాయండీ" అంటారు. కొందరు వస్తువులు బయటికి తీసి కుప్పలు పెడతారు. చూపించేటప్పుడు చెప్పవలసినవి రెండే. పెట్టె పూర్తిగా ఖాళీ చేయాలి, ఒక్కో వరుసకి వస్తువును చేత్తో పట్టుకున్నాకే టిక్కు పెట్టాలి. రెండోసారి బిల్లు వేరే ఉండాలి, తప్పులూ వేరే చోట ఉండాలి. లేకపోతే జ్ఞాపకశక్తిని పరీక్షించినట్టవుతుంది.

ఎక్కువ వచ్చిన పదమూడో చుట్ట గురించి ఒక మాట. దాన్ని చెప్పకపోతే నిజాయితీ లేదనుకోవద్దు. చాలామంది తక్కువైందా అనే చూస్తారు, ఎక్కువైందా అని చూడరు. చూపించాక రెండోసారి కూడా చెప్పకపోతే అప్పుడు లెక్కపెట్టే పద్ధతి పట్టుబడలేదని రాసుకోండి. అసలు నిజాయితీకి ఉచ్చులు పన్నవద్దు. కింద నోటు పడేసి చూడడం, గల్లాలో కావాలని ఎక్కువ పెట్టి చూడడం లాంటివి ఇదివరకు షాపుల్లో చేసిన ప్రతివాళ్లకీ తెలుసు. నోటు తీసిచ్చినవాడు పరీక్షని పసిగట్టాడేమో మీకు తెలియదు. పసిగడితే మాత్రం మీరెలాంటి ఓనరో అతనికి మొదటి రోజే తెలిసిపోతుంది.

*తెలియని ప్రశ్న.* మళ్లీ మీరే కస్టమర్. "గోడకి అర బిగించాలి, స్క్రూలు ఇవ్వండి" అనండి. దీనికి నేరుగా జవాబు లేదు. కాంక్రీటు గోడా, ఇటుక గోడా, లోపల బోలుగా ఉండే బోర్డు గోడా? అర మీద ఎంత బరువు పెడతారు? అవి తెలియకుండా స్క్రూ చెప్పలేం. వచ్చిన మనిషికి ఇదంతా తెలిసి ఉండాలని కాదు. "ఏ గోడండీ?" అని ఏదో ఒక్క ప్రశ్న అడిగినా, "నాకు తెలియదండీ, ఓనర్ని అడిగి చెప్తాను" అన్నా పూర్తి మార్కులు. "ఇవి బాగుంటాయండీ, అందరూ ఇవే తీసుకెళ్తారు" అని చేతికందిన ప్యాకెట్టు ఇస్తే సున్నా. నేను లేనప్పుడు అలా అమ్మిన స్క్రూ గోడలోంచి ఊడొస్తే, ఆ కస్టమర్ వచ్చి నిలబడేది నా ముందే.

తర్వాత ఆ రెండు ప్రశ్నలు అడగడం నేర్పండి. రెండోసారి స్క్రూలు అడగకండి. "పైపుకి జాయింటు కావాలి" అనండి. గోడ గురించి నేర్పిన మాటలు ఇక్కడ పనికిరావు, ముందు అడిగి తర్వాత ఇవ్వాలన్న అలవాటే పనికొస్తుంది. "ఏ సైజు పైపు? పాత ముక్క తెచ్చారా?" అని అడిగారంటే నేర్పింది ఒక వస్తువుకే అతుక్కుపోకుండా పాకింది. మూడు పరీక్షల్లో నేను ఎక్కువగా నమ్మేది దీన్నే.

మార్కులు వేయడం, ముగ్గురి లెక్క

ఒక్కో పరీక్షకి 0, 1, 2 చాలు. 2 అంటే రేపటి నుంచే వదిలేసి వెళ్లవచ్చు, 1 అంటే పక్కన ఉండి చేయించుకోవాలి, 0 అంటే వదిలేయలేం. ఎంతకు ఎంతో ముందే రాసుకోండి. చిల్లరలో నోటు బయటే ఉంచడం, లెక్కపెడుతూ ఇవ్వడం, మధ్యలో ఆగితే మొదటి నుంచి లెక్కపెట్టడం, ఈ మూడూ సరిగ్గా చేస్తే 2, రెండు చేస్తే 1. సరుకులో నాలుగు తప్పులకు నాలుగూ పడితే 2, రెండో మూడో పడితే 1. పరీక్ష అయిన వెంటనే, తర్వాతది మొదలుపెట్టకముందే మార్కు వేసేయండి. ఒక విషయంలో మనిషి నచ్చితే మిగతావన్నీ బాగున్నట్టే కనిపిస్తాయని, సైనికులకు అధికారులు వేసిన మార్కులు చూసి మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1920లోనే రాశారు. చివర్లో అన్నీ కలిపి వేస్తే మనం వేసేది మనిషి నవ్వుకి మార్కు.

నా దగ్గరికి ముగ్గురు వచ్చారు. మొదటాయనకి షాపుల్లో పదేళ్ల అనుభవం. మొదటిసారి చిల్లరలో 2, సరుకులో 1, తెలియని ప్రశ్నలో 0, మొత్తం 3. రెండోసారీ అవే 2, 1, 0. పెట్టె ఖాళీ చేయమని చెప్పాక కూడా పైనుంచే చూశారు. "మా దగ్గర ఇలాగే చేసేవాళ్లమండీ" అన్నారు. జాయింటు అడిగితే సైజు అడగకుండా చేతికొచ్చింది ఇచ్చారు.

రెండో ఆమె ఇదివరకు కుట్టుపని చేశారు, షాపులో ఎప్పుడూ చేయలేదు. మొదటిసారి చిల్లరలో 1, సరుకులో 0. తెలియని ప్రశ్నలో మాత్రం "నాకు తెలీదండీ, దేనికి బిగిస్తారు?" అని అడిగి 2 తెచ్చుకున్నారు. మొత్తం మొదటాయనతో సమానంగా 3. రెండోసారి 2, 2, 2. పెట్టె ఖాళీ చేసి, బిల్లు వరుసలోనే వస్తువులు నేల మీద పరిచారు. అది నేను నేర్పింది కాదు.

మూడో అబ్బాయి 0, 1, 1 నుంచి 1, 1, 2కి వచ్చాడు. ముందు 2, తర్వాత 4.

నేను పాత పద్ధతిలోనే ఉండి ఉంటే మొదటాయన్నే తీసుకునేవాణ్ని. ఒక్కసారే పరీక్ష పెట్టినా ఆయనా ఆమే సమానం, అనుభవం చూసి ఆయన వైపే మొగ్గేవాణ్ని. తేడా అంతా రెండోసారిలో బయటపడింది. అయితే రెండోసారి మార్కులు సమానంగా వచ్చిన ఇద్దరుంటే మొదటిసారివి చూడండి, నేర్పే శ్రమ తగ్గుతుంది. ఎన్ని మార్కులు వచ్చినా తెలియని ప్రశ్నలో రెండుసార్లూ 0 వచ్చిన మనిషిని నేను తీసుకోను. చిల్లర లెక్క నేర్పవచ్చు, సరుకు లెక్క నేర్పవచ్చు. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పే అలవాటును ఒక్కరే ఉన్న షాపులో పక్కనుండి మాన్పించే తీరిక నాకు లేదు.

పరీక్షల్లో తెలియనివి

మనిషికి చేతనవునా కాదా అన్నదే ఈ పరీక్షలు చెబుతాయి. రోజూ వస్తారా, నెల తర్వాత కూడా పెట్టె ఖాళీ చేసే చూస్తారా అన్నది చెప్పవు. దానికి రెండు దారులున్నాయి.

ఒకటి, పాత యజమానితో మాట్లాడడం. ముందు ఆ మనిషి అనుమతి తీసుకోండి. ఇంకా పనిచేస్తున్న చోటికి ఫోన్ చేయకండి, ఉన్న ఉద్యోగం పోతుంది. ఎలాంటివాళ్లని అడిగితే "మంచివాళ్లే" అంటారు. ఎప్పటి నుంచి ఎప్పటి దాకా చేశారు, డబ్బు ఎవరు ముట్టుకునేవారు అని అడిగి, చివర్లో "మళ్లీ వస్తే తీసుకుంటారా?" అనండి. అని ఊరుకోండి. జవాబు ఎంత ఆలస్యంగా వచ్చిందన్నదీ జవాబే. కుట్టుపని చేసిన ఆమెకి షాపు యజమాని లేరు కాబట్టి బట్టలు కుట్టించుకున్న ఒకరితో మాట్లాడాను, చెప్పిన రోజుకి ఇచ్చేవారా అని మాత్రమే అడిగాను.

రెండోది, డబ్బిచ్చి ఒక రోజు పని చేయించుకోవడం. అన్నిటికన్నా రద్దీ రోజు, అసలు చేయాల్సిన నాలుగు గంటలే. తీసుకున్నా తీసుకోకపోయినా ఆ రోజు డబ్బు ఆ రోజే ఇవ్వాలి. ఆ మాట ముందే చెప్పాలి. అప్పుడు నేను చూసింది ఒక్కటే, మూడో గంటలో ఏం జరుగుతుందని. మొదటి గంట ఎవరైనా బాగానే చేస్తారు. కాళ్లు లాగడం మొదలయ్యాక కూడా నోటు గల్లా బయటే ఉంటోందా, లెక్కపెడుతూ ఇస్తున్నారా అన్నది చూడండి.

పనిలో చేరాక మొదటి రెండు వారాలు రోజూ మూసే ముందు ఇద్దరూ కలిసి గల్లా లెక్కపెట్టండి. ఆయన మీద అనుమానమో, ఆమె మీద అనుమానమో అని కాదు, మీరు గల్లా ముట్టుకున్న రోజు కూడా ఇదే లెక్క. ఒక రోజు పొద్దున పెట్టిన చిల్లర 1,000, డబ్బుగా వచ్చిన బిల్లులు 8,460, ఖర్చు 150. ఉండవలసింది 9,310. ఆ రోజు మా దగ్గర ఉన్నది 9,283, అంటే 27 తక్కువ. ఎక్కువ వచ్చినా సంతోషించకండి, ఎవరికో చిల్లర తక్కువ ఇచ్చారని అర్థం. ఒక్కరోజు తేడాని బట్టి ఏమీ అనకండి, ఎప్పుడూ ఒకే వైపు వస్తోందా అని చూడండి. తేడా 9తో భాగించబడితే మాత్రం ముందు బిల్లుల పుస్తకం తీయండి. రెండు అంకెలు తారుమారైతే తేడా ఎప్పుడూ 9తో భాగించబడుతుంది. 27 అలాంటిదే. ఆ సంగతి ఆమెకి చెప్పి పుస్తకం చేతికిచ్చాను. ఐదు నిమిషాల్లో దొరికింది. 136 బిల్లుని 163గా ఎక్కించారు. రాసింది నేనే.